ఫొటో చూసి గేదెకు బయానా కడుతున్నారా? ముందు ఫొటో తేదీ చూడండి

ముర్రా గేదెలు కొనడానికి హర్యానా దాకా పోయే వీలులేని చిన్న రైతులు ఇప్పుడు వాట్సాప్‌లో వచ్చే ఫొటోలు చూసి బేరం కుదుర్చుకుంటున్నారు. పొదుగు ఫొటో, పాల బకెట్టు ఫొటో, చెవి ట్యాగు ఫొటో వస్తాయి. వెంటనే బయానా పంపమంటారు. ఫొటో నిన్నటిదా, రెండేళ్ల కిందటిదా అని తెలుసుకోవడానికి కొన్ని పద్ధతులున్నాయి.

డాక్యుమెంటుగా పంపమనాలి

ఫోనుతో ఫొటో తీసినప్పుడు తీసిన తేదీ, సమయం, కెమెరా పేరు ఆ ఫైలులోనే నమోదవుతాయి. వీటినే మెటాడేటా అంటారు. అయితే వాట్సాప్‌లో మామూలుగా ఫొటో పంపితే ఈ వివరాలు పోతాయి. మనకు చేరిన ఫైలు పేరు IMG-20251110-WA0004.jpg అని ఉంటుంది. అందులోని తేదీ ఫొటో మన ఫోనుకు వచ్చిన రోజే గానీ తీసిన రోజు కాదు. చాలామంది ఇక్కడే పొరబడతారు.

కాబట్టి పేపర్ క్లిప్ గుర్తు నొక్కి, Document ద్వారా అదే ఫొటో పంపమని అడగాలి. ఇలా పంపితే వివరాలు సాధారణంగా అలాగే వస్తాయి. ఆ ఫైలు పేరులోనే WA అని ఉంటే అమ్మేవాడికీ అది వాట్సాప్‌లో వేరొకరి దగ్గర నుంచి వచ్చి ఉండవచ్చు. తీసింది ఎవరో అడగాలి.

వివరాలు చూసే తీరు

గూగుల్ ఫొటోస్‌లో బొమ్మ తెరిచి వేలితో పైకి జరిపితే తేదీ, కెమెరా పేరు కనిపిస్తాయి. కెమెరా పేరు లేకుండా తేదీ ఒక్కటే ఉంటే దాన్ని నమ్మరాదు. అది ఫైలు భద్రపరిచిన తేదీ అయ్యుండవచ్చు. ఊళ్లో కంప్యూటర్ సెంటరు ఉంటే ఫైలుపై రైట్ క్లిక్ చేసి Properties, అందులో Details చూడమనండి. Date taken, Camera model, Program name అక్కడ ఉంటాయి. Program name దగ్గర Photoshop, Snapseed వంటి పేరుంటే ఫొటో ఆ సాఫ్ట్‌వేర్‌లోంచి వచ్చినట్టు. వెలుతురు పెంచినా ఆ పేరు పడుతుంది గనుక అదొక్కటే మోసానికి రుజువు కాదు. కొన్ని ఫోన్లు తమ సాఫ్ట్‌వేర్ పేరే అక్కడ రాస్తాయి.

ఒక ఉదాహరణ

గేదె ఈని 15 రోజులైంది, ఇవి నిన్న ఉదయం తీసిన పాలు అని 2025 నవంబరు 10న ఒకరు ఫొటో పంపాడనుకుందాం. Date taken చూస్తే 2024 జనవరి 18 అని ఉంది. అదే నిజమైతే ఆ పాలు వెనకటి ఈతవి. ఇప్పుడు గేదె వట్టిపోయి ఉండవచ్చు, అసలు ఆ గేదే కాకపోవచ్చు.

ఫోనులో తేదీ తప్పుగా ఉందండీ అని అతను చెప్పవచ్చు. దాన్నీ తేల్చవచ్చు. మరునాడు, అంటే 11న, అదే ఫోనుతో కొత్త ఫొటో తీసి డాక్యుమెంటుగా పంపమనాలి. అందులో 2024 జనవరి 20 అని వస్తే గడియారమే తప్పు, మనిషి మాట నిజమే కావచ్చు. 2025 నవంబరు 11 అని సరిగా వస్తే పాత ఫొటో పంపాడనే అనుమానం బలపడుతుంది. రెండింటిలోనూ కెమెరా పేరు ఒకటేనా అన్నదీ సరిచూడాలి.

ట్యాగు అంకెలు మార్చారా?

చెవి ట్యాగు మీద 12 అంకెలుంటాయి. ఫొటో పెద్దది చేసి చూడండి. చెవి వంగినచోట ట్యాగు వంగితే అంకెలూ దానితోపాటే వంగాలి. అవి నిటారుగా ఉన్నా, చుట్టూ మసకగా ఉండి ఒకటి రెండు అంకెలే కొట్టొచ్చినట్టున్నా, అంకెల వెనక పసుపు రంగు మారినా అతికించినట్టు అనుమానించాలి. వాట్సాప్ ఫొటోలో అక్షరాల చుట్టూ మరకలు మామూలే. అందుకే ఈ పరీక్ష డాక్యుమెంటుగా వచ్చిన ఫైలు మీదే చేయాలి.

ఎంతవరకు నమ్మాలి?

మెటాడేటా తేదీని ఫోనులోనే మార్చే యాప్‌లు ఉన్నాయి. కాబట్టి తేదీ సరిపోయినంత మాత్రాన గేదె మంచిదని కాదు. తేడా వస్తే మాత్రం బేరం ఆపి కారణం అడగాలి. వివరాలు సరిపోయాక కూడా వీడియో కాల్‌లో ట్యాగు పక్కన మీ పేరు రాసిన కాగితం పెట్టించి, మీ కళ్లముందే పాలు పిండించండి. వీలైతే మీరో, మీ మనిషో వెళ్లి సాయంత్రం, ఉదయం రెండు పూటలా పాలు కొలిచాకే డబ్బివ్వాలి.

ఇప్పటికే మోసపోయినవారు ఆ ఫైళ్లు, చాట్ చెరిపేయకుండా ఉంచుకుని వెంటనే 1930 నంబరుకు ఫోన్ చేయాలి. ఎంత త్వరగా చెబితే డబ్బు ఆపే అవకాశం అంత ఎక్కువ.