టైమ్ ఆఫీసు ఉద్యోగానికి వెళ్తున్నారా? మిస్డ్ పంచ్ రూలు రాయడం నేర్చుకోండి

ఎర్రగుంట్ల, కొలిమిగుండ్ల చుట్టుపక్కల సిమెంటు ఫ్యాక్టరీల్లో, కొప్పర్తి, ఓర్వకల్లు పారిశ్రామిక వాడల్లో డిగ్రీ, ఎంబీఏ చదివినవాళ్లు అడుగుపెట్టే చోట్లలో టైమ్ ఆఫీసు ఒకటి. గేటు దగ్గర మిషన్‌లో పడ్డ పంచ్‌లు నెలాఖరుకు జీతాల లెక్కగా మారేది అక్కడే. ఇంటర్వ్యూలో ‘హాజరు ఎలా తీస్తారు’ అని అడిగితే అందరూ చెబుతారు. ‘పంచ్ పడకపోతే ఏం చేస్తారు, రూలు రాసి చూపించు’ అంటే మాత్రం ఎక్కువమంది తడబడతారు.

రూలు రాసే ముందు ఒక తేడా గట్టిగా పట్టుకోవాలి. మనిషి వచ్చి పనిచేశాడు, రికార్డు పడలేదు. ఇది మిస్డ్ పంచ్. మనిషే రాలేదు. ఇది సెలవు, లేదా గైర్హాజరు. రెగ్యులరైజేషన్ మొదటిదానికి మాత్రమే. ఆలస్యాన్ని, ముందే వెళ్లిపోవడాన్ని, సెలవు చీటీ పెట్టడం మరిచిపోవడాన్ని ఇందులో కలిపేశారంటే, ‘ఈ ఒక్కసారికి సరిచేయన్నా’ అనేవాళ్లు మీ కిటికీ దగ్గర వరుస కడతారు. చాలా కంపెనీల పాలసీల్లో ‘సరైన కారణం ఉంటే రెగ్యులరైజ్ చేయవచ్చు’ అని ఒకే వాక్యం ఉంటుంది. అది రూలు కాదు, సూపర్‌వైజర్ దయ.

ఒక కేసు చూద్దాం. ఊహించినదే కానీ షిఫ్టులున్న ఏ ప్లాంటులోనైనా జరిగేదే. ఒక ఫిట్టర్‌కు బి షిఫ్టు, మధ్యాహ్నం 2 నుంచి రాత్రి 10 దాకా. 12వ తేదీ 1:52కు ఇన్ కొట్టాడు. కిల్న్ ఆగడంతో ఉండమన్నారు. అర్ధరాత్రి దాటాక 12:18కి ఔట్ కొట్టాడు. సాఫ్ట్‌వేర్‌లో బి షిఫ్టు ఔట్ పంచ్‌ను అర్ధరాత్రి వరకే తీసుకునేట్టు పెట్టారు. దాంతో 12న ఔట్ లేదు. ఆ 12:18 పంచ్ 13వ తేదీ ఇన్‌గా పడింది. 13న అతను మళ్లీ మధ్యాహ్నం వచ్చి రాత్రి 10:03కు వెళ్లాడు. మొదటి పంచ్ ఇన్, చివరి పంచ్ ఔట్ అని లెక్కకట్టే మిషన్ 13న అతను 21 గంటల 45 నిమిషాలు పనిచేశాడని చూపింది. 12న సగం రోజు కోత, 13న లేని ఓటీ.

ఇక్కడ ‘పంచ్ మిస్ అయింది, సరిచేయగలరు’ అని రాస్తే చాలదు. ఫిట్టర్ అర్జీ ఇలా ఉండాలి: ‘12వ తేదీ బి షిఫ్టు. కిల్న్ పని వల్ల రాత్రి 12:18కి బయటికి వెళ్లాను. ఆ పంచ్ 13వ తేదీ కింద పడింది. దాన్ని 12వ తేదీ ఔట్‌గా మార్చగలరు. ఆ రాత్రి వర్క్ పర్మిట్ నకలు జతచేశాను.’ టైమ్ ఆఫీసు గేటు రిజిస్టర్‌తోనో, సీసీ కెమెరాతోనో సరిచూసి తేదీ మారుస్తుంది. మూల పంచ్‌ను చెరపకూడదు. పాత విలువ, కొత్త విలువ, మార్చినవారి పేరు మూడూ కనిపించాలి. షిఫ్టు అయ్యాక చేసిన 2 గంటల 18 నిమిషాలకు ఓటీ ఇవ్వాలా అన్నది వేరే ప్రశ్న. ఫ్యాక్టరీ కార్మికుడికి ఓటీ రెట్టింపు రేటు కాబట్టి దానికి విభాగాధిపతి ఆమోదం విడిగా ఉండాలి. హాజరు సరిచేసే సంతకంతోనే ఓటీ కూడా దాటిపోయే పాలసీలో డబ్బు కారేది ఆ సందులోనే. అర్ధరాత్రి గడువు మార్చకపోతే ఇదే అర్జీ మళ్లీ మళ్లీ వస్తుంది. అది ఉద్యోగి తప్పు కాదు, సెట్టింగ్ తప్పు.

ఆమోద పరిమితుల వాక్యాలు ఇలా రాయవచ్చు. అంకెలు మీ కంపెనీని బట్టి మారతాయి, వరస మారకూడదు.

‘ఉద్యోగి పనికి హాజరై, ఇన్ లేదా ఔట్ నమోదు కానప్పుడు 3 పనిదినాల్లోగా అర్జీ పెట్టాలి. నెలలో మొదటి రెండింటిని షిఫ్ట్ ఇంచార్జి, తర్వాతి రెండింటిని విభాగాధిపతి, ఆపై వాటిని హెచ్‌ఆర్ అధిపతి ఆమోదిస్తారు. ఇన్, ఔట్ రెండూ లేని రోజుకు రాతపూర్వక ఆధారం తప్పనిసరి. తన అర్జీని తానే ఆమోదించుకోరాదు. మిషన్, కరెంటు, నెట్‌వర్క్ లోపం వల్ల పడని పంచ్ ఈ పరిమితిలోకి రాదు. జీతాల లెక్క ముగిశాక ఆమోదమైనది వచ్చే నెల బకాయిగా చెల్లించబడుతుంది.’

మిషన్ లోపం గురించిన వాక్యం మన ప్రాంతానికి మరీ ముఖ్యం. బేతంచెర్ల పాలిష్ యూనిట్లలో, నాపరాయి గనుల్లో రాయి పట్టి పట్టి వేళ్ల గీతలు అరిగిపోతాయి. సిమెంటు, సున్నం తగిలే చేతులదీ అదే పరిస్థితి. ఆ వేలు మిషన్‌కు ఆనదు. అలాంటి మనిషి నెలకు పదిసార్లు అర్జీ పెడితే అతణ్ని అనుమానించకండి. మరో వేలు నమోదు చేయండి, కుదరకపోతే కార్డో, ముఖ గుర్తింపో ఇవ్వండి. 2022లో రాష్ట్రంలో టీచర్లకు సొంత ఫోన్లలో ముఖ గుర్తింపు హాజరు తెచ్చినప్పుడు సంఘాలు అభ్యంతరం చెప్పాయి. పరికరం మొరాయిస్తే ఆ నష్టం ఎవరిదన్నది రూలులో ముందే తేల్చకపోతే ఎక్కడైనా గొడవ తప్పదు.

ఇక శిక్షల భాగం. ‘మూడు మిస్డ్ పంచ్‌లకు ఒక రోజు జీతం కోత’ అనే వాక్యం చాలాచోట్ల కనిపిస్తుంది. అది నిలబడదు. వేతన చట్టం ప్రకారం గైర్హాజరుకు కోత, రాని సమయానికి తగిన వాటాను మించకూడదు. పాత 1936 చట్టంలోనూ, 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్‌లోనూ ఇదే సూత్రం. పనిచేసిన రోజును పంచ్ లేదని కోయడం కుదరదు. జరిమానాకైతే ఆ కాలపు వేతనంలో 3 శాతం పరిమితి ఉంది, ముందుగా సంజాయిషీ అడగాలి. కాబట్టి మరుపుకు మందలింపు, మళ్లీ మళ్లీ మరిస్తే రాతపూర్వక హెచ్చరిక అని రాయండి. జీతాన్ని ముట్టుకోకండి.

అబద్ధం వేరు. ఇంట్లో ఉండి ‘ఔట్ మరిచాను’ అనడం, స్నేహితుడి కార్డు తాను కొట్టడం, తెలిసీ ఆమోదించడం ఈ మూడూ మోసమే. హైదరాబాద్‌లో జీహెచ్‌ఎంసీ పారిశుద్ధ్య సిబ్బంది హాజరుకు నకిలీ వేలిముద్రలు వాడినట్టు బయటపడి పోలీసు కేసులయ్యాయి. పాలసీలో ఆమోదించినవారి పేరూ నేరంలో ఉంటుందని రాయాలి. ఛార్జిషీటు, సంజాయిషీ, విచారణ అయ్యాకే తొలగింపు. విచారణ ముగిసేదాకా సస్పెండ్ చేస్తే మొదటి 90 రోజులు సగం వేతనం జీవనభృతిగా ఇవ్వాలి. ప్రొబేషన్‌లో ఉన్నవాడికి ఇంత రక్షణ దక్కదు. కొత్తగా చేరినవాళ్లు తోటివాడి కార్డు కొట్టిపెట్టే ముందు ఇది గుర్తుంచుకోవాలి.

దుర్వినియోగం ఒక్క అర్జీలో కనబడదు, మూడు నెలల పట్టికలో కనబడుతుంది. వారాంతపు సెలవు మర్నాడే ఒకడి ఇన్ పంచ్ ఎప్పుడూ పోతుంటే, ఒకే ఇంచార్జి షిఫ్టులో అర్జీలు గుంపుగా వస్తుంటే, ఔట్ పోయిన ప్రతి రోజూ ఓటీ ఉంటే ఆగి చూడండి. కాంట్రాక్ట్ కూలీల విషయంలో ఇంకో జాగ్రత్త కావాలి. కాంట్రాక్టర్ బిల్లు మనిషిరోజుల మీద నడిచేచోట అతని సూపర్‌వైజర్ ఒక్కడి సంతకంతో రెగ్యులరైజ్ చేస్తే లేని మనిషికీ బిల్లు పడుతుంది. అందుకే అక్కడ కంపెనీ ఇంజినీరు సంతకం, గేటు పాస్ నంబరు రెండూ అడగాలి. ఆ కాగితం మీ ఫైల్లో ఉండాలి, కాంట్రాక్టర్ ఫైల్లో కాదు.