కోర్సు కొనే ముందు కౌంటరు చూడాలి

ఖరగ్‌పూర్‌లో రైల్వే పింఛనుదార్లు ఎక్కువగా వచ్చే ఒక బ్యాంకు శాఖ మేనేజరు ప్రశ్న: నవంబరులో ఫిర్యాదులు పెరుగుతున్నాయి, సిబ్బందికి ఏ కోర్సు కొనాలి?

ముందు, లైఫ్ సర్టిఫికెట్ పని కాక వెనుదిరిగిన ప్రతి ఒక్కరి కారణాన్నీ ఓ వారం రాయించాలి.

అలా 20 మంది తేలారనుకుందాం. 9 మందికి వేలిముద్ర పడలేదు. ఏళ్లపాటు పనిముట్లు పట్టిన చేతుల్లో గీతలు అరిగిపోతాయి. ముఖం చూపి ధ్రువీకరించే పద్ధతి 2021 నుంచీ ఉంది. గుమాస్తా చేత ఒకసారి చేయించి చూడాలి. రాకపోతేనే శిక్షణ అవసరం. వచ్చీ చేయడం లేదంటే కౌంటరులో తగిన ఫోను లేదేమో!

7 మందిని ఆపింది సర్వరు. దానికి ఏ కోర్సూ పనికిరాదు.

మిగిలిన నలుగురు బెంగాలీ రాని తెలుగు వృద్ధులు. తెలుగు తెలిసిన ఉద్యోగిని అక్కడ కూర్చోబెడితే చాలు.

కొనాల్సిన శిక్షణ ఏదైనా ఉంటే, అది ఆ తొమ్మిది మంది కోసమే. అది ముగిశాక అదే లెక్క మళ్లీ తీయాలి.