మూడు కొటేషన్లు, ఒకే తప్పు

రేషన్ కిట్ల బియ్యానికి బస్తాకు 90 రూపాయలు ఎక్కువ చెల్లించామని, అదే వారపు టోకు బిల్లులతో పోల్చినప్పుడు తెలిసింది. మూడు షాపుల కొటేషన్లు పక్కపక్కన పెడితే, మూడింటిలోనూ ‘మసూరి’ ఒకేలా తప్పుగా ఉంది.

పదేళ్ల లెక్కలన్నీ తవ్వుదామన్నారు కొందరు. అలా చేస్తే ఏదీ తేలదు. ఆ ఒక్క వ్యాపారి, రెండేళ్ల కొనుగోళ్లు, వాటిని ఆమోదించిన వారందరూ, అంటే మేము కూడా, అంతవరకే పరిధి పెట్టుకున్నాం.

ఎవరికీ చెప్పకముందే అసలు కాగితాలను కవరులో పెట్టి, ఇద్దరు సంతకాలు, తేదీ వేసి సీలు చేశాం. జిరాక్సులతోనే పని చేశాం. ఆఫీసు కంప్యూటర్‌ను తెరవలేదు. తెరిస్తే ఫైళ్ల తేదీలు మారవచ్చు. నిపుణుడితో డిస్కుకు నకలు తీయించాం.

స్టోరు మనిషితో మాట్లాడాక, గుమాస్తాను చివర పిలిచాం. ముందు కొటేషన్లు ఎలా తెప్పిస్తారని మాత్రమే అడిగి, తర్వాత కాగితాలు చూపాం.

“మూడూ ఆ షాపాయనే ఇచ్చాడండీ. మర్నాటికల్లా కావాలని మీరే అన్నారుగా!”

నిజమే, మా వాట్సాప్‌లో ఆ మాట ఉంది. అతను చెప్పింది రాసి, చదివించి, దిద్దుకోనిచ్చాకే సంతకం తీసుకున్నాం.

ఎక్కువ ధర రుజువైంది. కమిషన్ ఎవరికైనా ముట్టిందా అన్నది తేలలేదు. వ్యాపారి బ్యాంకు ఖాతా చూసే అధికారం మాకు లేదు. అందుకే రిపోర్టులో ‘లంచం’ అన్న మాట రాయలేదు.