మామూలు చెడు

మన పావగడ వైపు ‘మామూలు’ అనే మాటకు రెండు అర్థాలున్నాయి. ఒకటి ఎప్పుడూ ఉండేది, రోజువారీది అని. ఇంకొకటి లంచం. కన్నడంలో కూడా అంతే. మా ఇంట్లో రెండు భాషలూ నడుస్తాయి కాబట్టి చెప్తున్నా, రెండింటిలోనూ ఈ మాట తప్పును అలవాటులో కలిపేసింది. హన్నా అరెంట్ అనే ఆమె రాసిన ఒక సిద్ధాంతం చదువుతుంటే నాకు ఈ మాటే గుర్తొచ్చింది. ఇంగ్లీషులో దాన్ని ‘బెనాలిటీ ఆఫ్ ఈవిల్’ అంటారు. నేనైతే ‘చెడులోని మామూలుతనం’ అంటాను.

అరెంట్ 1906లో జర్మనీలో పుట్టిన యూదురాలు. హిట్లర్ అధికారానికి వచ్చిన 1933లో దేశం విడిచి పారిపోయి, చివరికి అమెరికా చేరింది. 1961లో జెరూసలేంలో ఐష్‌మన్ అనే నాజీ అధికారి మీద విచారణ జరిగితే, ఒక పత్రిక తరఫున చూసి రాయడానికి వెళ్ళింది. ఐష్‌మన్ చేసిన పని యూదులను రైళ్ళలో చావు శిబిరాలకు పంపించే ఏర్పాట్లు చూడడం. ఏ ఊరి నుంచి ఎంతమంది, ఏ బండి, ఏ రోజు అనే లెక్కలు. 1944లో ఒక్క హంగరీ నుంచే సుమారు ఎనిమిది వారాల్లో నాలుగు లక్షలకు పైగా మనుషులను పంపించారు.

అద్దాల బోనులో కూర్చున్న ఆ మనిషిలో ఆమెకు రాక్షసుడు కనబడలేదు. తన ప్రమోషన్ల గురించి బాధపడే ఒక ఆఫీసు ఉద్యోగి కనబడ్డాడు. ఆఫీసు భాష తప్ప నాకు వేరే భాష రాదని ఆయనే కోర్టులో అన్నాడు. నాజీలు చంపడానికి చంపడం అనే మాట అరుదుగా వాడారు. ‘తరలింపు’ అన్నారు, ‘తుది పరిష్కారం’ అన్నారు. అరెంట్ పట్టుకున్నది ఇక్కడే. ఆయన తెలివి తక్కువవాడేం కాదు. ఆలోచన లేనివాడు. ఆమె లెక్కలో ఆలోచన అంటే ఎదుటి మనిషి నిలబడిన చోటు నుంచి ఒక్కసారైనా చూడగలగడం. తయారుగా దొరికే మాటలు నోట్లో ఉంటే ఆ పని చేయాల్సిన అవసరమే రాదు.

దీన్ని విని ‘అయితే ఆయన తప్పేం లేదంటారా?’ అని అడిగేవాళ్ళున్నారు. అరెంట్ అట్లా అనలేదు. ఆయనకు వేసిన ఉరిశిక్ష సరైనదే అని రాసింది. ఆలోచించకపోవడం ఆమె దృష్టిలో సాకు కాదు, నేరం పుట్టిన చోటు.

జర్మనీ కథ మనకు దూరం అనిపిస్తుంది. అందుకే తెలుగు నేల మీద జరిగిన ఒక సంగతి తీసుకుంటాను. రెండింటినీ ఒకే త్రాసులో పెట్టడం లేదు. చెడు ఎంత పెద్దది అనేది వేరే ప్రశ్న, అది ఎట్లా నడుస్తుంది అనేదే ఇక్కడ చూస్తున్నాను.

తెలంగాణలో సుమారు 19 లక్షల రేషన్ కార్డులు రద్దు చేశారు. అర్హత లేనివాళ్ళను తీసేయడం ఉద్దేశం. దానికి వాడిన దారి ఇది: రకరకాల శాఖల రికార్డులను కంప్యూటర్‌లో కలిపి, పేర్లు జోడించి చూడడం. కారు ఉన్న కుటుంబానికి కార్డు ఉండకూడదు. కాబట్టి బండ్ల రిజిస్ట్రేషన్ పట్టీలో పేరు కనబడితే కార్డు పోతుంది. హైదరాబాదులో ఒక పేద ముసలామె కుటుంబానికి అట్లాగే పోయింది. రికార్డులో వాళ్ళకు కారుంది. నిజానికి ఆ కారు ఆమె భర్త పేరుకు దగ్గర పేరున్న ఇంకెవరిదో. 2024లో పత్రికల్లో వచ్చిన సంగతి ఇది.

పేర్ల విషయం మనకు వేరే చెప్పాల్సిన పని లేదు. ఇంట్లో ఓబులమ్మ, కన్నడ కాగితంలో ఓబళమ్మ. ఇంటిపేరు ఒక చోట ముందు, ఒక చోట అక్షరం మాత్రమే, ఒక చోట అసలే ఉండదు. ఇద్దరు మనుషులు ఒకరవుతారు, ఒక మనిషి ఇద్దరవుతుంది.

ఇప్పుడు ఆ కార్డు పోయిన దారిలో ఉన్న మనుషులను ఊహించుకోండి. కంప్యూటర్ దగ్గరున్నతను ‘పేరు మ్యాచ్ అయింది’ అంటాడు. ఆఫీసులో ‘లిస్టు పైనుంచి వచ్చింది’ అంటారు. రేషన్ అంగడిలో ‘మిషన్‌లో చూపించడం లేదమ్మా’ అంటారు. ముగ్గురిలో ఎవరూ అబద్ధం చెప్పలేదు. ఎవరికీ ఆ ముసలామె మీద కోపం లేదు. లంచం కూడా అడగలేదనే అనుకుందాం. అయినా ఆ ఇంట్లో బియ్యం లేవు. ఆ ఇంటి ముందుకు పోయి కారుందా అని చూడడానికి ఎంతసేపు పడుతుంది?

మనం తెలుగు శాఖ వాళ్ళం కాబట్టి ఇంకో సంగతి గమనించండి. ‘అయింది’, ‘వచ్చింది’ – ఇవన్నీ అకర్మక క్రియలు. ‘నేను ఆమె కార్డు రద్దు చేశాను’ అంటే సకర్మకం, అందులో చేసినవాడున్నాడు, ఆమె కూడా ఉంది. ‘కార్డు రద్దయింది’ అంటే చేసినవాడు మాయం. వాన పడినట్టు, పొద్దు గుంకినట్టు దానంతటదే జరిగిపోయింది! మా అవ్వకు వేలిముద్ర పడక ఒక నెల బియ్యం రానప్పుడు కూడా అంగడాయన ‘హెబ్బెట్టు బర్తా ఇల్ల’ అన్నాడు. వేలిముద్ర రావడం లేదు అని. అరవై ఏళ్ళు కలుపు తీసి అరిగిన వేలు అది. ఆ వాక్యంలో వేలు ఉంది, మా అవ్వ లేదు. ఐష్‌మన్ చెప్పిన ఆఫీసు భాష ఎట్లా ఉంటుందో నాకు అప్పుడు కొంచెం అర్థమయింది.

ఈ సిద్ధాంతానికి హద్దులు లేకపోలేదు. బెటినా స్టాంగ్‌నెత్ అనే జర్మన్ రచయిత్రి, ఐష్‌మన్ అర్జెంటీనాలో దాక్కున్న కాలంలో మాట్లాడిన టేపులూ రాసిన కాగితాలూ పరిశీలించి 2011లో పుస్తకం రాసింది. అక్కడ ఆయన చేసిన పనికి గర్వపడుతూ మాట్లాడాడు. కోర్టులో చూపించిన గుమాస్తా ముఖం చాలావరకు వేషమే అని ఆమె వాదన. నాకు అది నమ్మదగ్గదిగానే అనిపించింది. అంటే అరెంట్ ఎంచుకున్న ఉదాహరణలో తేడా ఉండొచ్చు. ఆమె చెప్పిన జబ్బు మాత్రం లేకుండా పోదు. ఐష్‌మన్ రైళ్ళు కదలడానికి ద్వేషం లేని గుమాస్తాలు కూడా వందల మంది కావాల్సి వచ్చింది.

అట్లాగని ప్రతి చెడునూ ఈ సంచిలో వేయకూడదు. 1985 జూలైలో కారంచేడులో దళితుల మీద జరిగింది ఆలోచనలేమి అంటే నేను ఒప్పుకోను. గుంపు కట్టి వెంటాడి చంపినవాళ్ళకు ఎవరిని చంపుతున్నారో, ఎందుకో బాగా తెలుసు. దానికి పేరు కులద్వేషం. కాకపోతే ఆ మంచినీళ్ళ చెరువు దగ్గర గొడవ మొదలైంది గేదెల విషయంలో. ఆ నీళ్ళు ఎవరు తాగుతారు అని గట్టు మీదున్నవాళ్ళకు తోచకపోవడం ఏ రకం చెడు? దీని గురించి మన క్లాసులో రెండు అభిప్రాయాలున్నాయి. నాకైతే, తోచకపోవడం కూడా కులం నేర్పిందే అనిపిస్తుంది.

రేషన్ కార్డుల విషయం చివరికి సుప్రీంకోర్టు దాకా పోయింది. 2022 ఏప్రిల్‌లో కోర్టు ఇచ్చిన ఆదేశంలో పెద్ద తత్వమేమీ లేదు. రద్దయిన కార్డులను క్షేత్రస్థాయిలో మళ్ళీ పరిశీలించమంది. అంటే ఇంటికి పోయి చూడమని.