చెవి కుట్టిన చోట గట్టి గడ్డ: కోయించే ముందు తెలుసుకోండి

చెవి కుట్టించాక వచ్చే ప్రతి బుడిపె కెలాయిడ్ కాదు. మొదటి వారాల్లో రంధ్రం అంచునే ఎర్రగా, మెత్తగా, ముట్టుకుంటే నొప్పిగా ఉండేది సాధారణ బుడిపె. ఉప్పునీటితో శుభ్రం చేస్తూ, కమ్మను తిప్పకుండా ఉంటే చాలావరకు తగ్గిపోతుంది. చీము, జ్వరం ఉంటే డాక్టరుకు చూపించాలి.

కెలాయిడ్ తీరు వేరు. పుండు మానిన కొన్ని నెలలకు దురదతో మొదలై, రబ్బరులా గట్టిగా, రంధ్రం హద్దు దాటి పెరుగుతుంది. దానంతటది కరగదు. ఇది కాన్సర్ కాదు, అంటువ్యాధీ కాదు. గాయం మానినా చర్మం మచ్చను తయారు చేస్తూనే ఉండడం వల్ల వస్తుంది.

మా దగ్గరకు వచ్చిన ఒక అమ్మాయికి రెండో రంధ్రం కుట్టించిన 5 నెలలకు శనగగింజంత గడ్డ వచ్చింది. బయట కోయించుకుంటే, ఏడాదిలోపే ఉసిరికాయంతై తిరిగి వచ్చింది. కోత కూడా కొత్త గాయమే కదా! ఈసారి డాక్టరుగారు ముందు నెలకొకటి చొప్పున 3 స్టెరాయిడ్ ఇంజెక్షన్లు గడ్డలోకే ఇచ్చారు. మెత్తబడ్డాక కోసి, తర్వాత కూడా ఇంజెక్షన్లు కొనసాగించారు. చెవిని నొక్కి ఉంచే క్లిప్పును 6 నెలలకు పైగా రోజూ రాత్రంతా పెట్టుకోమన్నారు. గడ్డ మళ్లీ రాలేదు.

చిన్న గడ్డకు ఇంజెక్షన్లే చాలవచ్చు. అవి నొప్పిగా ఉంటాయి, ఆ చోట చర్మం తెల్లబడవచ్చు. ఒకసారి కెలాయిడ్ వచ్చినవారు మళ్లీ చెవి, ముక్కు కుట్టించుకోకపోవడమే మేలని మేము చెబుతాం.