రాని బేరగాడికి రాయాల్సిన మాట

వికారాబాద్,
ఆదివారం రాత్రి

బిడ్డా,

నువ్వు పంపిన మెసేజ్ చదివాను. "ఇది ఆయనకు పంపనా పెద్దనాయనా" అని అడిగి మంచి పని చేశావు. పంపకు. ఫోన్లో చెబుదామనుకున్నా కానీ నువ్వు కోపంలో ఉంటే సగమే వింటావు. అందుకే కాగితం మీద పెడుతున్నా. పొద్దున రైలుకు తమ్ముడు తాండూరు వస్తున్నాడు, వాడి చేతికిస్తాను.

నీ కోపం అర్థమైంది. హైదరాబాద్ కాంట్రాక్టరు పదకొండింటికి వస్తానన్నాడు. రెండడుగుల సైజు నీలం బండ, ఇంచు మందం, మూడు వేల చదరపు అడుగులు కావాలన్నాడు. నువ్వు ఆదివారం పూట ఇద్దరు హమాలీలకు కూలి ఒప్పుకుని, ఒకే లాట్ బండలు తీయించి వరసగా పేర్పించావు. ఆయన రాలేదు, ఫోన్ ఎత్తలేదు. పైగా పొద్దున అదే లాట్ అడిగిన కొడంగల్ మనిషిని వెనక్కి పంపావు. ఇదంతా నీ మెసేజ్‌లో ఉంది. కూలి లెక్కతో సహా ఉంది. చివర "మాట మీద నిలబడేవాళ్లతోనే మేం వ్యాపారం చేస్తాం" అని కూడా రాశావు.

అందులో అబద్ధం ఒక్కటీ లేదు. కానీ అది చదివిన మనిషి ఏం చేయగలడో ఆలోచించు. క్షమాపణ చెప్పాలి, లేదా వాదించాలి, లేదా నీ నంబరు పక్కన పెట్టేయాలి. మూడోది అన్నిటికన్నా తేలిక. ఈ వ్యాపారంలో నేను చూసిందేమిటంటే, రాని మనిషికి చాలాసార్లు సరుకు అక్కర్లేక కాదు. రాలేదన్న మొహమాటం కొద్దీ మళ్లీ ఫోన్ చేయలేక పక్క యార్డుకు పోతాడు. అక్కడ ఆయన ఎవరికీ సంజాయిషీ చెప్పక్కర్లేదు కదా. నీ దగ్గర కూడా చెప్పక్కర్లేదని ఆయనకు తెలియాలి. ఇప్పుడు నువ్వు రాసే మాటకు ఉన్న పని అదొక్కటే.

ముందు ఒక సంగతి. ఆయన రావాల్సింది చేవెళ్ల రోడ్డు మీదుగా. 2025 నవంబరులో మీర్జాగూడ దగ్గర మన తాండూరు బస్సును కంకర టిప్పరు ఢీకొన్న పొద్దున, మన రెండు ఊళ్లలో ఎంతమంది ఎంతమందికి ఫోన్లు చేసి, అవతలివాళ్లు ఎత్తకపోతే అల్లాడిపోయారో నువ్వు మరచిపోయి ఉండవు. ఆ దారిన వస్తానని రాని మనిషిని మొదట అడగాల్సింది ఎందుకు రాలేదని కాదు. అంతా క్షేమమేనా అని. అది మర్యాద కోసం వేసే ప్రశ్న కాదు, నిజంగానే అడగాలి.

రేపు పొద్దున పదింటికి ఒక్కసారి ఫోన్ చెయ్యి. ఎత్తకపోతే మళ్లీ మళ్లీ చేయకు. ఆయన ఫోన్లో వరసగా నీ పేరు ఎర్రగా కనబడితే అప్పులవాళ్లు వెంటపడ్డట్టే ఉంటుంది. తర్వాత ఈ నాలుగు ముక్కలు పంపు:

"నమస్తే సార్. నిన్న రావడానికి వీలు పడినట్టు లేదు. అంతా క్షేమమని తలుస్తాను. మీరు అడిగిన నీలం బండ, ఒకే లాట్, మూడు వేల అడుగులు గురువారం సాయంత్రం దాకా పక్కన ఉంచుతాను. ఆ తర్వాత వేరేవాళ్లకు ఇవ్వాల్సి వస్తుంది. మీకు వీలైన రోజు చెప్పినా సరే, ఇప్పుడు వద్దన్నా సరే."

ఇందులో మూడు సంగతులు కావాలని పెట్టాను. రాలేదన్న మాట ఉంది కానీ ఎందుకని లేదు. సరుకుకు గడువు ఉంది, మనిషికి లేదు. వద్దనడానికి కూడా దారి ఉంది. ఆ దారి లేకపోతే జనం వద్దని చెప్పరు, మాట్లాడకుండా ఊరుకుంటారు. నీకు ఊరుకోవడం కన్నా వద్దనడమే లాభం. కొడంగల్ మనిషికి ఆ రోజే ఫోన్ చేసుకోవచ్చు.

గడువు పెట్టాక దాన్ని నువ్వే తప్పకూడదు. గురువారం సాయంత్రానికి జవాబు రాకపోతే శుక్రవారం ఆ లాట్ అమ్మెయ్యి. అమ్మాక ఒక్క వాక్యం పంపు, "ఆ లాట్ వెళ్లిపోయింది సార్, మీకు కావాల్సినప్పుడు క్వారీ నుంచి కొత్తది తీయించి చూపిస్తాను" అని. ఇక లేని బేరగాడిని ఉన్నట్టు చెప్పి తొందరపెట్టే పని మాత్రం వద్దు. మన యార్డులన్నీ ఒకే రోడ్డు మీద ఉన్నాయి. రాయి అక్కడే ఉందని ఏ లారీ డ్రైవరైనా సాయంత్రానికి చెప్పేస్తాడు.

ఆయన అసలు ఎందుకు రావాలనుకున్నాడో కూడా చూడాలి. రేటు ఫోన్లో తెలిసిపోతుంది. మనిషి యార్డుకు వచ్చేది షేడ్ కోసం, మందం కోసం. మన రాయి పొరలు పొరలుగా లేస్తుంది. ఒక పొర నీలం, దాని కింది పొర బూడిద రంగుకు తిరుగుతుంది. రెండు లాట్లు కలిపి ఒక వరండాలో పరిస్తే మచ్చలు మచ్చలుగా కనబడుతుంది, అప్పుడు ఇంటి ఓనరు కాంట్రాక్టరును నిలదీస్తాడు. ఆ భయమే ఆయన్ను నూరు కిలోమీటర్ల పైన ప్రయాణానికి ఒప్పించింది. ఆ భయం ఇంకా తీరలేదు కాబట్టి నీ దగ్గర ఆయనకు పని కూడా తీరలేదు.

అందుకే ఆ తర్వాత వారం పది రోజులకు రెండోసారి పలకరించేటప్పుడు ఉత్త చేతులతో పలకరించకు. "ఏమాలోచించారు సార్" అంటే ఆయన చేయగలిగింది "చూద్దాం" అనడమే. దానికి బదులు అరడుగు ముక్కలు రెండు కోయించు, ఒకటి పాలిష్ చేసింది, ఒకటి చేయనిది. వెనకాల లాట్, మందం మార్కరుతో రాసి ఆర్టీసీ కార్గోలో వేయించు. పంపే ముందు ఆయన ఊ అన్నాకే వెయ్యి, అడగని పార్సిల్ కూడా ఒక ఒత్తిడే. ఫోటో పంపితే ఎండలో తీసి, పొడి బండదొకటి, తడి బండదొకటి పంపు, రెండింటిలో టేపు కనబడాలి. మన వాళ్లు నీళ్లు చల్లి ముదురు నీలం ఫోటో ఒక్కటే పంపుతారు. లారీ దిగాక ఆరిన బండ చూసి కొన్నవాడు మోసమంటాడు. రెండూ చూపించిన యార్డు మాట గుర్తుంటుంది.

ముక్కలు చేరాక ఆయన నుంచి వచ్చే ప్రశ్నను బట్టి బేరం ప్రాణంతో ఉందో లేదో తెలుస్తుంది. లారీ ఎంతవుతుంది, దింపుడు ఎవరిది, మందం అంతటా ఇంతేనా అని అడిగితే సైటు నిజంగా ఉంది. అలాంటప్పుడు లెక్క సిద్ధంగా పెట్టుకో. రెండడుగుల బండ నాలుగు చదరపు అడుగులు, మూడు వేలకు ఏడు వందల యాభై బండలు. ఇంచు మందంలో ఒక్కోటి పాతిక కిలోలు తూగుతుంది కాబట్టి మొత్తం పద్దెనిమిది, పంతొమ్మిది టన్నుల దాకా వస్తుంది. కోతలో, అంచుల్లో పోయేదానికి కొంత ఎక్కువే తీసుకోమని నువ్వే చెప్పు. రాయి రేటు, ఎత్తుడు కూలి, లారీ కిరాయి, జీఎస్టీ విడివిడిగా రాయి. కిరాయి మారితే రాయి రేటు మార్చినట్టు కనబడకూడదు. అలా కాక సైటు సంగతేమీ చెప్పకుండా "ఆఖరి రేటు ఎంత" అని ఒక్కటే అడిగితే ఆయన నీ రేటు పట్టుకుని ఇంకో చోట బేరమాడుతున్నాడు. దానికీ కోపం వద్దు, ఉన్న రేటే చెప్పి ఊరుకో.

ఒకవేళ మధ్యవర్తి ఆయన్ను దారిలోనే ఇంకో యార్డుకు తీసుకుపోయి ఉంటే? అదీ జరుగుతుంది, కమీషను ఎటు ఎక్కువుంటే అటు. నీకు ఎవరో ఒకరు వచ్చి చెబుతారు. విను, కానీ ఆయన్ను అడగకు, మధ్యవర్తినీ నిలదీయకు. అతను రేపు ఇంకొకరిని తెస్తాడు. ఇక వాట్సాప్ స్టేటస్‌లో సామెతలు పెట్టే అలవాటు నీకుంది, చూస్తూనే ఉన్నా. ఈ పది రోజులు అది మానుకో.

మూడోసారి పలకరింపు నీ తీరిక చూసుకుని కాదు, ఆయన కట్టడం చూసుకుని చెయ్యాలి. బండలు పరిచేది ప్లాస్టరింగు అయ్యాకే. చాలామంది స్లాబు పడగానే రాళ్లు చూడటానికి బయలుదేరతారు. ఈలోపు ఓనరు డబ్బు ఆగుతుంది, లేదా ఇంట్లోవాళ్లు టైల్స్ వేద్దామంటారు. ఆయన ఆదివారం రాకపోవడానికి కారణం ఇలాంటిదే అయ్యుండొచ్చు. "ప్లాస్టరింగు ఎందాకా వచ్చింది సార్" అని అడిగితే అది ఆయన మొహమాటపడకుండా జవాబివ్వగలిగిన ప్రశ్న. "ఇంకో నెల పడుతుంది" అంటే డైరీలో నెల తర్వాతి తేదీ రాసుకో. "టైల్స్ వేసేశాం" అంటే సంతోషమని చెప్పు. ఇంటి ముందు పార్కింగుకో, మెట్లకో, కాంపౌండు లోపలి దారికో మన రాయి పనికొస్తుందని ఒక్క ముక్క చెప్పి వదిలెయ్యి. దానికీ జవాబు రాకపోతే ఇక నువ్వు పలకరించడం ఆపాలి. నంబరు తీసెయ్యకు, పండక్కి అందరికీ పంపే శుభాకాంక్షలు ఆయనకూ పోనీ.

మళ్లీ వస్తానంటే మాత్రం ఈసారి నీకు నష్టం రాకుండా ఏర్పాటు చేసుకో. నష్టం తక్కువైతే మర్యాద పాటించడం కూడా తేలిక. ముందే హమాలీలను పెట్టకు. "వికారాబాద్ దాటాక ఒక ఫోన్ చెయ్యండి సార్, దారి చెబుతాను" అను. ఇక్కడి నుంచి మీ ఊరికి గంట దారి. ఆ గంటలో పది బండలు బయట పరిపించొచ్చు, ఏడు వందల యాభై పేర్పించనక్కర్లేదు. ఫోన్ రాకపోతే నీ ఆదివారం నీదే.

రెండోసారి కూడా రాకపోతే పలకరింపు మానక్కర్లేదు కానీ సరుకు ఆపడం మానాలి. "ఎప్పుడొచ్చినా ఉన్న రాయి చూపిస్తాను సార్, పక్కన ఉంచాలంటే మాత్రం ఎవరి దగ్గరైనా కొంత అడ్వాన్సు తీసుకుంటున్నాం" అను. ఎవరి దగ్గరైనా అన్నావు కాబట్టి నిజంగా అందరి దగ్గరా తీసుకో, ఆయన ఒక్కడి దగ్గరే అయితే అది శిక్షవుతుంది.

వచ్చినప్పుడు పాత ఆదివారం ప్రస్తావన నీ నోట రానీయకు. ఆయనే ఎత్తి "మొన్న రాలేకపోయానమ్మా" అంటే "పర్వాలేదు సార్, ఎండ ఎక్కకముందే రాయి చూద్దాం రండి" అని యార్డు వైపు నడువు.

కొడంగల్ మనిషికి కూడా రేపే ఫోన్ చెయ్యి. గురువారం దాకా ఒకరికి మాట ఇచ్చానని, ఆ లాట్ మిగిలితే మొదటి ఫోన్ ఆయనకేనని ఉన్నది ఉన్నట్టు చెప్పు. ఈ ఆదివారం నిజంగా వచ్చి ఉత్త చేతులతో వెళ్లిన మనిషి ఆయన. నీ మెసేజ్‌లో ఆయన గురించి ఒక్క వాక్యమే ఉంది.

మీ నాన్నకు బీపీ మందు అయిపోవచ్చింది, తమ్ముడితో పంపిస్తున్నా. రాత్రి తిన్నాక వేసుకోమను.

మీ పెద్దనాయన