ఐఐటీ ఫౌండేషన్ కన్నా ముందు గ్రాఫు కాగితం

ఆరో తరగతికే ఐఐటీ ఫౌండేషన్‌లో చేర్పించి, సైన్స్ ఫెయిర్ వచ్చేసరికి "ప్రాజెక్టుకు టైమెక్కడిది సార్" అని బజారులో రెడీమేడ్ మోడల్ కొనిచ్చే తల్లిదండ్రులు నా దగ్గరికి చాలామంది వస్తారు. గ్రాఫు చదవడం రాకుండా ఆ ఫౌండేషన్ దేనికి పునాదో నాకైతే అంతుపట్టదు. వాళ్లకు నేను చెప్పే కథ ఇది.

అనంతపురం పల్లెలో తొమ్మిదో తరగతి అమ్మాయి. వాన పడితే నీళ్లన్నీ వంకపాలవుతున్నాయని నాన్న బాధ. రెండు వైపులా తెరిచిన డబ్బాను వేరుశనగ చేలో సగం దిగ్గొట్టి, లోపల స్కేలు నిలబెట్టి, నీళ్లు పోసి, ఎంత ఇంకిందో రాసుకుంది. 5 నిమిషాలకు 20 మిల్లీమీటర్లు, 10కి 32, 20కి 46, 40కి 60.

ఫెయిర్ ముందురోజు రాత్రి నాన్న చార్టు చూసి, "ఏమ్మా, పోయేకొద్దీ నేల ఎక్కువ తాగుతాందా?" అన్నాడు. గీత పోనుపోను నిటారుగా లేస్తోంది మరి. నోటుబుక్కులో ఉన్నది దానికి పూర్తిగా తలకిందులు. ఒక చుక్క మీద వేలు పెట్టి చదివింది: అడ్డంగా 46, నిలువుగా 20. అక్షాలు తారుమారయ్యాయి! కంప్యూటర్‌లో స్కాటర్ చార్టు ఎడమ కాలమ్‌ను అడ్డ అక్షంగా తీసుకుంటుంది. ఈమె నీటి లెక్క ముందు, సమయం తర్వాత టైప్ చేసింది. అక్షాల పేర్లు రాయలేదు కాబట్టి ఎవరి కంటా పడలేదు.

మళ్లీ ప్రింటు వేయిద్దామంటే ఆ రాత్రి ఫ్లెక్సీ షాపు ఎక్కడ తెరిచి ఉంటుంది? గ్రాఫు కాగితం మీద చేత్తోనే గీసింది. సమయం అడ్డంగా, ఇంకిన నీరు నిలువుగా. గీత ఇప్పుడు మొదట్లో నిటారుగా లేచి, తర్వాత నెమ్మదించింది. మొదటి 5 నిమిషాల్లో నిమిషానికి 4 మిల్లీమీటర్లు. చివరి 20 నిమిషాల్లో 0.7 మాత్రమే. నేల బాగా తడిశాక అంతకు మించి కురిసేది వంకకు పోతుందని నాన్నకు అప్పుడు చూపించింది.

ఒక్క డబ్బాలో నీరు పక్కలకూ పాకుతుంది, కాబట్టి అసలు వేగం ఇంకా తక్కువే ఉంటుంది. చుట్టూ మరో పెద్ద రింగు పెట్టి దానిలోనూ నీళ్లు పోయాలి. జడ్జి అడిగేది ఇదే. కొన్న మోడల్‌కు ఈ ప్రశ్న రాదు, జవాబూ ఉండదు.

ఇలాంటి పిల్లకు నేను సూచించేది ఇంటర్‌లో బైపీసీ, ఈఏపీసెట్, బీఎస్సీ అగ్రికల్చర్, ఆపైన నేలల శాస్త్రం. పరిశోధనే కావాలంటే 2015లో మొదలైన తిరుపతి ఐసర్ ఉంది. ప్రవేశ పరీక్ష ఐఏటీ. సీటు రాకపోతే డొనేషన్ కట్టడానికి మాత్రం చేను అమ్మకండి.